రెండు ఎత్తుల్లో ఆటకట్టు: ఒక్క గుర్రంతో

తెల్లవి రెండే కాయలు: రాజు f1లో, గుర్రం c3లో. నల్లవి మూడు: రాజు h1లో, బంట్లు h2లో, e4లో. ఎత్తు తెల్లది. రెండో ఎత్తుకి ఆట కట్టాలి. బోర్డు దగ్గర లేకపోతే ఇది ఏదైనా చెస్ యాప్‌లో పేస్ట్ చేసుకోండి:

```
8/8/8/8/4p3/2N5/7p/5K1k w - - 0 1
```

జవాబు కిందే ఉంది కాబట్టి, ఓ ఐదు నిమిషాలు చూసి తర్వాత చదవండి.

నల్ల రాజు కదల్లేడు. g1, g2 తెల్ల రాజు కాపలాలో ఉన్నాయి, h2లో సొంత బంటే అడ్డం. అంటే గుర్రం g3 నుంచి గానీ f2 నుంచి గానీ చెక్ ఇస్తే చాలు, కథ అయిపోతుంది. నల్లకి కదపడానికి ఉన్నది ఆ మధ్య బంటు ఒక్కటే, నేను రెండు సాయంత్రాలు కూర్చున్నది కూడా దాన్ని ఎక్కడ పెట్టాలా అనే.

ముందు e6లో పెట్టాను. గుర్రం e4, e2, d1 ఎక్కడికెళ్లినా తర్వాతి ఎత్తుకి కట్టే, అంటే మూడు జవాబులు, అది ప్రాబ్లమే కాదు. e5కి దించితే గుర్రం e4కి రాగానే బంటుకి దారి మూసుకుపోయి స్టేల్‌మేట్ అయింది. ఇంకా రెండు మిగిలాయి. మరో గడి దించాను, e4కి. అంతే, d1 కూడా పోయింది, ఎందుకంటే ఇప్పుడు బంటు e3కి వస్తే అక్కణ్ణుంచి f2ని కాపలా కాస్తుంది, గుర్రం f2కి దూకితే ఆ బంటే కొట్టేస్తుంది.

కాబట్టి జవాబు ఒక్కటే:

```
1.Ne2! e3 2.Ng3#
1.Nd1? e3!
1.Nxe4? స్టేల్‌మేట్
```

మొదటి ఎత్తు చెక్ గానీ, కాయని కొట్టడం గానీ కాకపోతేనే అందం అని ప్రాబ్లమ్‌లు కట్టేవాళ్లు అంటారు. ఇక్కడ కొట్టడమే ఉచ్చు. కానీ నాకు ఎక్కువ ఇష్టం d1 మీదే, అది ఒకే ఒక్క కారణానికి ఓడిపోతుంది, ఆ కారణం కూడా వేరే కాయ తెచ్చి పెట్టింది కాదు, నల్ల వేయక తప్పని ఎత్తే.

తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి ఇచ్చాను. చూడగానే బంటుని కొట్టేసి, నల్లకి ఎత్తే లేదని చూసి గుర్రాన్ని వెనక్కి పెట్టింది. తర్వాత d1. బంటు e3కి దించాను, చాలాసేపు f2 మీద వేలు పెట్టి కూర్చుంది. చివరికి e2 వేసి, g3కి దూకబోయి ఆగి, "మామయ్యా, h2 బంటు కొట్టేయదా?" అంది.

నల్ల బంటు కిందికే పోతుంది కదమ్మా అన్నాను. గుర్రాన్ని టక్కున g3లో పెట్టేసింది.