60 డ్యూయల్ డెస్కుల కొటేషన్: మొత్తం రూ.2,97,360, జూన్ 15 వరకు చెల్లుతుంది

నమస్కారం మేడమ్,

మీ స్కూల్‌కు అడిగిన 60 డెస్కుల కొటేషన్ జత చేశాను. ఒక్కోటి రూ.4,200 చొప్పున రూ.2,52,000, జీఎస్టీ 18 శాతం రూ.45,360, మొత్తం రూ.2,97,360. రవాణా ఇందులోనే ఉంది.

ఈ ధర జూన్ 15 సాయంత్రం వరకే. ఇనుము రేటు మారుతోంది కాబట్టి ఆ తర్వాత కొత్త కొటేషన్ ఇస్తాను.

డెస్కులన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే దించుతామని అనుకుని లెక్క వేశాను. పై అంతస్తులకు మోయాలంటే డెస్కుకు రూ.60, జీఎస్టీ అదనం. పాత బెంచీలు తీసుకెళ్లడం ఇందులో లేదు. సగం అడ్వాన్స్ అందిన 21 రోజుల్లో సరుకు చేరుస్తాం. మిగతా సగం డెలివరీ రోజున ఇవ్వాలి.

పైన ఎన్ని గదులున్నాయో ఆర్డర్‌కు ముందే చెప్పండి మేడమ్, బిల్లులో తేడా రాకూడదు.

ఇట్లు,
ప్రొప్రైటర్, స్టీల్ ఫర్నిచర్ వర్క్‌షాప్,
ఆటోనగర్, విజయవాడ