పొదలకూరులో పచ్చళ్ల యూనిట్ ప్రారంభిస్తున్న సుజాతకు

కావలి

ప్రియమైన సుజాతా,

శ్రావణ శుక్రవారం నాడు పొదలకూరులో నీ నిమ్మకాయ పచ్చళ్ల యూనిట్‌కు పాలు పొంగిస్తున్నారని, తప్పకుండా రావాలని మీ వారు ఫోన్ చేసి చెప్పారు. అదే రోజు మా చిన్నదాని పరీక్ష పడింది కనుక రాలేకపోతున్నాను. ఎదురుగా ఉంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని. రాలేకపోవడం వల్ల ఉత్తరం కాస్త పొడవవుతోంది, ఓపిగ్గా చదువు.

ముందుగా నా మనస్ఫూర్తి శుభాకాంక్షలు. హాస్టల్‌లో నువ్వు ఊరి నుంచి తెచ్చిన జాడీ నాలుగు రోజులకు మించి నిలిచిన గుర్తు నాకు లేదు, అందువల్ల రుచి విషయంలో నీకు ఎవరి ధైర్యవచనాలూ అక్కర్లేదు. నువ్వు ఎంచుకున్న చోటు కూడా సరైనదే. గూడూరు, పొదలకూరు మార్కెట్ల కాయంతా లారీలెక్కి దూర రాష్ట్రాలకు పోతుంటే, దూరప్రయాణానికి తట్టుకోని పండు కాయ ఇక్కడే చవకగా మిగిలిపోతోంది. వ్యాపారికి పనికిరాని ఆ పసుపుపచ్చ కాయే పచ్చడికి మేలైనదని నీకు నేను చెప్పనక్కర్లేదు.

అయితే ఆ కాయ ధరే నిన్ను ఏడిపించేది కూడా. 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ ఎంత ప్రియమయ్యిందో మనం మరిచిపోలేదు. ఎండాకాలంలో కాయ కొని ఎండాకాలంలోనే పచ్చడి పెట్టి అమ్ముదామనుకుంటే, సీసా మీద అచ్చువేసిన ధర నీ ఖర్చుకే సరిపోదు. వానలు పడి కాయ దిగినప్పుడే వీలైనంత కొని, ఉప్పు, పసుపు వేసి ఊరబెట్టి, ఆర్డరు వచ్చిన కొద్దీ కారం, మెంతిపిండి కలిపి తిరగమోత పెట్టుకోవడం ఒక్కటే మార్గమని నాకనిపిస్తుంది. అంటే శ్రావణంలో పెట్టిన డబ్బు మళ్లీ చైత్రం దాకా జాడీల్లోనే ఊరుతుంది. ఆ ఏడెనిమిది నెలలూ ఇల్లు దేని మీద నడుస్తుందో, అప్పు వాయిదా దేనిలోంచి కడతారో మీ ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకున్నారా? రాసుకోకపోతే పాలు పొంగించేలోగా రాసుకోండి.

నా గాజుల షాపు సంగతి నీకు కొంత తెలుసు, మిగతాది ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగు నెలలకు దాన్ని మూసేసినప్పుడు బేరాలు లేవని అందరితో అన్నాను. నిజానికి బేరాలకేమీ లోటు లేదు. అరువు పుస్తకంలో అరవై రెండు వేలు మిగిలాయి, అందులో సగానికి పైగా మన అనుకున్నవాళ్లవే. మొహమాటం నా పెట్టుబడిని తినేసింది. నీకు కిరాణా కొట్ల వాళ్లు ఎదురవుతారు: 'సరుకు దించి వెళ్లమ్మా, అమ్ముడుపోయాక చూద్దాం' అంటారు. మొదట్లో కొంత ఒప్పుకోక తప్పదు కానీ, పాత బాకీ చేతికొచ్చాకే కొత్త పెట్టె దించడమనే నియమం మొదటి రోజునుంచే పెట్టుకో. తర్వాత పెడదామనుకుంటే కుదరదు, నాకు కుదరలేదు.

ధర కట్టేటప్పుడు కాయ, ఉప్పు, కారం, నూనె, సీసా, లేబులు, ఆటో కిరాయి అన్నీ వేసుకుని నీ కూలిని మాత్రం వదిలేశావని మీ వారి మాటల్లో అర్థమయింది. ముక్కలు కోయడానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లకు ఇచ్చేంతైనా నీ పేర రాసుకో. రేపు నీకు జ్వరమొస్తే నీ చోట ఇంకొకరిని పెట్టాల్సిందే కదా. ఇనుప మూతలు మాత్రం వద్దు, నిమ్మ పులుపుకు తుప్పు పడతాయి.

లైసెన్సుల పని చాలావరకు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఉద్యమ్ నమోదుకు రుసుము కూడా లేదు, ఎవరైనా మధ్యవర్తి డబ్బడిగితే ఇవ్వకు. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం ఇచ్చే 35 శాతం రాయితీని నమ్ముకుని పెద్ద యంత్రాలకు ఆర్డరివ్వడం మాత్రం నాకు నచ్చలేదు. అది అప్పుకు ముడిపడిన రాయితీ, మొదటి రోజే చేతికొచ్చే సొమ్ము కాదు. ఈ ఏడాదికి జాడీలు, కత్తిపీటలు, మంచి తూకం మిషను చాలు.

మొదటి ఏడాది లాభం రాకపోవచ్చు. పెట్టుబడి చెదరకుండా, కొన్నవాళ్లు రెండోసారి అడుగుతూ ఉంటే నువ్వు బాగా నడిపినట్టే లెక్క. నీ చేతి మీద నాకున్న నమ్మకం చిన్నది కాదు, అది వేరే చెప్పాలా.

నాకు కిలో సీసాలు రెండు పంపించు, ఒకటి మా అత్తగారికి. డబ్బు ఈ రోజే నీ ఫోనుకు వేశాను. తిరిగి పంపావో, సీసాలు మూత తీయకుండా వెనక్కి వస్తాయి.

నీ స్నేహితురాలు,
పద్మ