గేటు ముందు నిలుపుతున్న కారు గురించి

పక్కింటి అన్నగారికి నమస్కారం.

మీ ఇంటికి బంధువులు వచ్చినప్పటి నుంచి మీ తెల్ల కారు రాత్రిళ్లు మా గేటుకు అడ్డంగా ఉంటోంది. నల్లకుంటలో మన గల్లీ ఎంత ఇరుకో, కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ అనలేదు.

అయితే మా నాన్నగారిని సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున 5 గంటలకే డయాలసిస్‌కు తీసుకువెళ్లాలి. నిన్న మా కారు బయటికి తీయలేక, ఎంత బెల్లు కొట్టినా మీకు వినిపించక, చివరకు ఆయనను మెల్లగా మెయిన్ రోడ్డు దాకా నడిపించి ఆటో ఎక్కించవలసి వచ్చింది. ఆయన ఇప్పుడు అంత దూరం నడిచే స్థితిలో లేరు.

దయచేసి ఈ రాత్రి నుంచి మా గేటు ముందు పగలైనా, రాత్రైనా, పది నిమిషాలకైనా కారు నిలపవద్దు. బంధువులు ఉన్నన్నాళ్లూ మా ప్రహరీ గోడ పక్కన, వేపచెట్టు కింద పెట్టుకోండి. ఆ చోటు కోసం మా స్కూటర్ ఈరోజే లోపలికి తీసేస్తాను. మళ్లీ ఇలాగే జరిగితే ట్రాఫిక్ పోలీసులకు ఫోన్ చేయక తప్పదు. మన మధ్య అంత దాకా రానివ్వరనే నమ్మకంతోనే ముందుగా మీకు రాస్తున్నాను. వదినగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ పక్కింటి తమ్ముడు