మీ మూడో ఛాంబర్ పక్కన వేలాడే నోట్‌బుక్ గురించి

నమస్తే సార్,

నా పేరు శ్రీకాంత్, మాది దుగ్గొండి. మార్చి రెండో వారంలో మా బాపు 64 బస్తాల చపాటా మిర్చి మీ కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. హమాలీలు బస్తాలు దించేదాకా నేనూ అక్కడే ఉన్నాను.

అప్పుడే మూడో ఛాంబర్ తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న నోట్‌బుక్ చూశాను. రెండు గంటలకోసారి టెంపరేచర్ రాస్తున్నారు. పగటి పూట ఒక్క లైను కూడా తప్పలేదు. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా మాత్రం పేజీ ఖాళీగా ఉంది. ఇది మీ వాళ్ల తప్పని అనడం లేదు సార్. కంప్రెసర్లు చూసుకునే ఒక్క ఆపరేటర్ రాత్రంతా ఛాంబర్ల చుట్టూ తిరగలేడు కదా.

ఆ ఆరు గంటల కోసమే ఈ మెయిల్.

నేను హన్మకొండలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. ఛాంబర్ లోపల పెట్టే సెన్సర్ తయారు చేశాను. టెంపరేచర్ మీరు చెప్పిన గీత దాటితే ముందు ఆపరేటర్‌కు ఫోన్ వెళ్తుంది, ఆయన ఎత్తకపోతే మీకు వస్తుంది. సొంత బ్యాటరీ, సొంత సిమ్ ఉంటాయి కాబట్టి కరెంటు పోయినా పని చేస్తుంది. గాలిలో తేమ కూడా చూపిస్తుంది. చపాటాకు అదే ముఖ్యం. 2025లో జీఐ గుర్తింపు వచ్చాక దాని పేరు ఇంకా దూరం పోయింది, కానీ కొనేవాళ్లు చూసేది రంగునే. బస్తాకు చెమ్మ పట్టి రంగు దిగిందంటే ఏనుమాములలో దానికి పలికే ధర వేరు. రైతు వచ్చి అడిగేది మాత్రం మిమ్మల్నే.

ఉన్నమాట చెప్తాను: ఇప్పటిదాకా ఒక్క కోల్డ్ స్టోరేజీలోనే దీన్ని పెట్టాను. జూన్‌లో ఒక రాత్రి అక్కడ కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. 2 దాటాక ఓనర్‌కు ఫోన్ వెళ్లింది, ఆయన మనిషిని లేపి జనరేటర్ స్టార్ట్ చేయించారు. అమ్మోనియా లీకేజీని ఇది పట్టదు, దానికి వేరే పరికరం కావాలి.

ఛాంబర్‌కు 6,500 రూపాయలు. కానీ ఇప్పుడే కొనమని అడగను. మూడో ఛాంబర్‌లో ఒకటి 15 రోజులు ఊరికే పెట్టి చూడండి. గోడకు రంధ్రం వేయను, మీ వైరింగ్ ముట్టుకోను. రాత్రి రీడింగులన్నీ కాగితం మీద మీ చేతికిస్తాను. అవసరం లేదనిపిస్తే తీసుకుపోతాను.

ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉంది సార్: రాత్రిపూట జనరేటర్ అందుకోకపోతే ఇప్పుడు మీకు ఎట్లా తెలుస్తుంది? రెండు ముక్కలు రాసినా చాలు. దానికి ఇప్పటికే మీ దగ్గర ఏర్పాటు ఉంటే, ఈ సెన్సర్ మీకు అక్కర్లేదని నేనే చెప్తాను.

శుక్రవారం ఎట్లాగూ బాపుతో మార్కెట్‌కు వస్తున్నాను. మీరు సరేనంటే సెన్సర్ వెంట తెస్తాను.

ఉంటాను సార్,
శ్రీకాంత్
హన్మకొండ