ఛార్జింగ్ ఉండగానే చదివేయండి

సూర్యుడి నుంచి వెలుగు భూమికి 8 నిమిషాల్లో వచ్చేస్తుంది. అరసవల్లి గుడి బయట కోడలు తెల్లారే తీసి పంపిన ఫొటో మాత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఉన్న అత్తగారికి దీపాలు పెట్టే వేళకి చేరింది.

"సూర్యుడు దిగిపోయాక ఉదయం కిరణాలు పంపిస్తావేటమ్మా?"

"నేను పొద్దున్నే పంపానత్తా. దారిలో పొద్దుపోయింది."

*

విజయనగరంలో సిరిమాను ఊరేగింపు. దుబాయ్‌లో ఉన్న బావకి బావమరిది వీడియో కాల్ చేశాడు. ఆ జనంలో నెట్ రావడమే గొప్ప.

"బావా, అమ్మవారి సిరిమాను కనిపిస్తోందా?"

"గుండ్రంగా ఏదో తిరుగుతోందిరా."

"అది బఫరింగ్ బావా!"

"ముందే చెప్పొద్దా? మూడుసార్లు దండం పెట్టేసుకున్నాను."

*

మా వీధిలో ఒక తాతగారు మర్చిపోతానని ఫోన్ పాస్‌వర్డ్‌ని పాల లెక్క పక్కనే గోడ మీద రాసుకున్నారు. గోడకి సున్నం వేయించారు. ఇప్పుడు ఫోన్ తెరవాలంటే ఎదురింటి పిన్నిని అడుగుతారు.

*

బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు. ఎప్పుడో రాసుకున్న చీటీ దొరికింది. దాని మీద 'పెళ్లిరోజు' అని ఉంది. భార్య పక్కనే కూర్చుని చూస్తోంది. మొదటి తేదీ తప్పు. రెండోదీ తప్పు. మూడోది కొట్టేసరికి ఖాతా లాక్ అయిపోయింది.

బ్యాంకువాళ్లు 24 గంటల్లో తీస్తామన్నారు. ఇంట్లో తలుపు గడియ సంగతి ఎవరూ ఏమీ చెప్పలేదు.

*

పలాసలో జీడిపప్పు కొట్టు. కుర్రాడు స్కాన్ చేశాడు, చక్రం తిరుగుతోంది. తిరిగినంతసేపూ రుచి చూస్తూనే ఉన్నాడు. చివరికి 'పేమెంట్ ఫెయిల్డ్' అని వచ్చింది.

"ఇంకోసారి కొట్టు బాబూ."

"వద్దులెండి మావయ్యా, కడుపు నిండిపోయింది."

*

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో (అది ఆమదాలవలసలో ఉంటుందని కొత్తవాళ్లకి రైలు దిగాకే తెలుస్తుంది) ఒకాయన పరుగున రైలెక్కాడు. కూర్చోగానే ఫోన్ ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే టీటీఈ గారు.

"టికెట్టు?"

"ఫోన్‌లో ఉంది సార్. ఛార్జింగ్ అయిపోయింది."

"ఆధార్ కార్డు?"

"అదీ ఫోన్‌లోనే సార్."

"పోనీ, ఇంట్లోవాళ్ల నంబరు చెప్పు."

"నంబర్లు కూడా దాంట్లోనే సార్."

"అన్నీ దాంట్లోనే పెట్టి, దాన్ని ఇలా చేసుకుంటే ఎలాగయ్యా? ఛార్జరైనా ఉందా?"

"ఉంది సార్."

"మరేటి చూస్తున్నావు? ఆ తలుపు దగ్గర ప్లగ్గు ఉంది, పోయి పెట్టుకో."

"ఎక్కేటప్పుడే చూశాను సార్. దాంట్లో మీ ట్యాబ్ పెట్టి ఉంది."

టీటీఈ గారు అటూ ఇటూ చూసి, పక్కన కూర్చున్నారు. "పొద్దున్నుంచి అదీ ఆన్ అవట్లేదు. కొంచెం జరుగు."