ఇంజిన్ దక్షత, ఎంట్రోపీ: మొన్నటి ఇంటర్నల్ పేపర్‌కి జవాబులు

సెకండియర్ పిల్లలందరికీ. పేపర్లు దిద్దడం నిన్న రాత్రికి అయింది. మొదటి ప్రశ్న చాలామంది బాగానే చేశారు, మూడో ప్రశ్న దగ్గర మాత్రం సగం క్లాసు ఒకే గుంటలో పడింది, అందుకే ఐదూ ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. సెమిస్టర్ పరీక్షలో అంకెలు మారతాయి గానీ అడిగే తీరు ఇదే. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి, ఊరికే స్క్రోల్ చేస్తే ఎక్కదు.

ప్రశ్న 1. 127°C, 27°C ల మధ్య పనిచేసే కార్నో ఇంజిన్ దక్షత ఎంత?

```
η = 1 - Tc/Th = 1 - 300/400 = 0.25
```

25 శాతం. సెల్సియస్‌లోనే వేసి 78.7 శాతం తెచ్చినవాళ్లు నలుగురున్నారు. ఇందులో వచ్చేది ఉష్ణోగ్రతల నిష్పత్తి కాబట్టి కెల్విన్ తప్పనిసరి. తేడా మాత్రమే అయితే సెల్సియస్ అయినా కెల్విన్ అయినా ఒకటే.

ప్రశ్న 2. ఒక ఇంజిన్ 500 K దగ్గర 1000 J తీసుకుని 300 K దగ్గర 700 J వదులుతుంది. ఇది సాధ్యమేనా? ఒక్కో సైకిల్‌కి విశ్వం ఎంట్రోపీ ఎంత మారుతుంది?

పని 300 J, దక్షత 30 శాతం. కార్నో హద్దు 40 శాతం, కాబట్టి సాధ్యమే. చాలామంది ఇక్కడితో ఆపేశారు, ఎంట్రోపీకి నాలుగు మార్కులున్నాయి మరి. సైకిల్ పూర్తయ్యేసరికి ఇంజిన్ లోపలి వాయువు బయల్దేరిన స్థితికే వస్తుంది, దాని ఎంట్రోపీ మార్పు సున్నా. మారేది రెండు రిజర్వాయర్లది:

```
ΔS = -1000/500 + 700/300 = -2.00 + 2.33 = +0.33 J/K
```

కార్నో ఇంజిన్ అయితే ఇదే 1000 J కి 400 J పని ఇచ్చేది, మన ఇంజిన్ 300 ఇచ్చింది, అంటే 100 J చేజారింది. ఇప్పుడు 300 ని పైన వచ్చిన ఎంట్రోపీతో (0.333 అనుకోండి) గుణించి చూడండి, సరిగ్గా 100. ఇది కాకతాళీయం కాదు: రివర్సిబుల్‌గా జరగనందుకు పోగొట్టుకున్న పని ఎప్పుడూ T₀ΔS ఉంటుంది, T₀ అంటే చల్లటి రిజర్వాయర్ ఉష్ణోగ్రత. నాకు ఈ సబ్జెక్ట్ మీద ఇష్టం కలిగింది ఈ లెక్క చేసిన రోజే.

ప్రశ్న 3. 300 K లో 2 మోల్స్ ఆదర్శ వాయువు ఘనపరిమాణం రెట్టింపైంది. (అ) రివర్సిబుల్ ఐసోథర్మల్‌గా, (ఆ) ఖాళీలోకి ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌గా. వాయువుకీ పరిసరాలకీ ΔS కనుక్కోండి.

గుంట ఇదే. ఒక పేపర్లో (ఆ) కి మొదట 11.5 అని సరిగ్గానే రాసి, కొట్టేసి, దాని పక్కన 'Q = 0, కాబట్టి ΔS = 0' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు. ఆ కొట్టివేత చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే మొదటి జవాబే రైటు. dS = dQ/T అన్న సూత్రంలో ఆ Q రివర్సిబుల్ దారిలో ఇచ్చిన వేడి, నిజంగా జరిగిన దారిలోది కాదు. క్లాసియస్ 1865 లో ఈ రాశికి ఎంట్రోపీ అని పేరు పెట్టినప్పుడు కూడా దాని నిర్వచనం ఈ రివర్సిబుల్ వేడి మీదే నిలబడింది. ఎంట్రోపీ స్థితికి సంబంధించిన రాశి, మొదలూ చివరా ఏమిటో తెలిస్తే చాలు. ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌లో Q = 0, W = 0, కాబట్టి ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత మారదు, 300 K తో మొదలై 300 K దగ్గరే ఆగుతుంది. (అ) లో కూడా అంతేగా! రెండు చివరలూ ఒకటే, వాయువు ఎంట్రోపీ మార్పూ ఒకటే:

```
ΔS = nCv ln(T2/T1) + nR ln(V2/V1)
   = 0 + 2 × 8.314 × 0.693 = 11.5 J/K
```

తేడా అంతా బయటే ఉంది. (అ) లో పరిసరాలు వేడి ఇచ్చుకున్నాయి, వాటికి -11.5, మొత్తం సున్నా. (ఆ) లో వాటికి ఏమీ జరగలేదు, సున్నా, మొత్తం +11.5. ఎంట్రోపీ ప్రశ్న కనబడగానే కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి ఎడమ పక్క 'వాయువు', కుడి పక్క 'పరిసరాలు' అని రాసుకోండి. ఎడమ పక్క పై సూత్రం, దారి ఏదైనా సరే. కుడి పక్క మాత్రం నిజంగా జరిగిన Q, గుర్తు మార్చి, పరిసరాల ఉష్ణోగ్రతతో భాగించాలి. నా దగ్గర చదివినవాళ్లకి ఏటా చెబుతాను, గీత గీసినవాళ్లు ఈ ప్రశ్నలో తప్పడం అరుదు.

ప్రశ్న 4. ఏకపరమాణుక ఆదర్శ వాయువు p-V పటంలో దీర్ఘచతురస్రంగా తిరుగుతుంది: పీడనం p నుంచి 2p, ఘనపరిమాణం V నుంచి 2V, మళ్లీ వెనక్కి. దక్షత?

పని దీర్ఘచతురస్రం వైశాల్యం, pV. వేడి లోపలికి వచ్చేది రెండు భుజాల మీదే: నిలువుగా ఎక్కేటప్పుడు 1.5pV, పైన కుడివైపు వెళ్లేటప్పుడు 2.5 × 2pV = 5pV.

```
η = pV / 6.5pV = 2/13 ≈ 15.4%
```

కొందరు నాలుగు భుజాల వేడినీ కూడి కింద వేశారు. అలా కూడితే వచ్చేది నికర వేడి, సైకిల్‌లో అది పనికి సమానం, దక్షత 100 శాతం అని తేలుతుంది. ఆ అంకె కనబడగానే చెయ్యి ఆగాలి. ఇందులో ఉష్ణోగ్రత T నుంచి 4T దాకా వెళ్తుంది, ఆ రెంటి మధ్య కార్నోకి 75 శాతం. మనకి 15 రావడం ఏమీ వింత కాదు, ఇక్కడ వేడి అంతా 4T దగ్గర లోపలికి రాదు, అంతా T దగ్గర బయటికీ పోదు.

ప్రశ్న 5. ఒక మోల్ ఏకపరమాణుక వాయువు, 300 K, 2 atm. వేడి చొరని సిలిండర్‌లో బయటి పీడనాన్ని ఒక్కసారిగా 1 atm కి తగ్గించారు. చివరి ఉష్ణోగ్రత, ΔS?

దీన్ని ముట్టుకున్నవాళ్లు ముగ్గురే, ముగ్గురూ pV^γ వాడారు. అది రివర్సిబుల్ అడియాబాటిక్‌కే, 227 K వస్తుంది. ఇక్కడ వాయువు పనిచేసింది 1 atm అనే స్థిర పీడనం మీద, కాబట్టి మొదటి నియమం నేరుగా రాయాలి:

```
1.5R(T2 - 300) = -R(T2 - 150)
T2 = 240 K
ΔS = 2.5R ln(240/300) - R ln(1/2) = 1.12 J/K
```

కుడి పక్క 150 అనేది p₂V₁ నుంచి వచ్చింది, 300 లో సగం. ΔS కి పైన రాసిన సూత్రాన్నే పీడనంలో రాసుకున్నాను, అందుకే Cv బదులు Cp. Q సున్నా అయినా ఎంట్రోపీ పెరిగింది చూడండి, మూడో ప్రశ్నలో చెప్పిందే మళ్లీ. రివర్సిబుల్ అయితే వాయువు ఇంకా ఎక్కువ పని చేసి 227 దాకా చల్లబడేది, ఇక్కడ తక్కువ పని చేసి 240 దగ్గరే ఆగింది.

ఇదే ఐదో ప్రశ్నని 4 atm నుంచి 1 atm కి మార్చి శుక్రవారం చేసుకురండి. T₂ 210 K వస్తే దారిలో ఉన్నట్టే. రాకపోతే ఏ లైన్ దగ్గర ఆగిందో ఆ కాగితమే తీసుకురండి, కొట్టేసింది కూడా చెరపకుండా.