సంయుక్త సాంకేతిక నివేదికలు: పదకోశం, సంక్షిప్తాలు, స్థిర నిర్వచనాలు

నల్లగొండ జిల్లా, చెరువులు, భూగర్భ జలాలు, తాగునీటి నివేదికల అనుబంధం

ఈ నివేదికలను నీటిపారుదల, భూగర్భ జల, వ్యవసాయ, రెవెన్యూ, మిషన్ భగీరథ, విద్యుత్, వైద్యారోగ్య శాఖలు చదువుతాయి. మీ దస్త్రాల్లో మీ వాడుక మీది. ఇక్కడికి అంకె పంపేటప్పుడు మాత్రం కింది అర్థానికే మార్చి పంపాలి.

స్థిర నిర్వచనాలు

సంవత్సరం: ఒంటరిగా రాయరాదు. నీటి సంవత్సరం జూన్ 1 నుంచి మే 31, ఫసలీ జూలై 1 నుంచి జూన్ 30, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. "2025-26" అంటే ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. 2025 జూన్‌లో పడ్డ వాన నీటి సంవత్సరం 2025-26లోకి వస్తుంది, ఫసలీ లెక్కలో మాత్రం ఇంకా 1434లోనే ఉంటుంది. రెవెన్యూ పట్టికను నీటిపారుదల పట్టిక పక్కన పెట్టినప్పుడు తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఆయకట్టు: నమోదైన ఆయకట్టు అంటే రికార్డులో ఉన్న విస్తీర్ణం. సాగైన ఆయకట్టు అంటే ఆ సీజన్‌లో ఆ చెరువు లేదా కాలువ నీటితోనే పండింది. ఆయకట్టు లోపలే ఉన్నా బోరుతో తడిసిన పొలం వేరే గడిలోకి పోతుంది. ఒకే ఎకరం వానాకాలం, యాసంగి రెండింట్లో పండితే నికర సాగు 1 ఎకరం, స్థూల సాగు 2 ఎకరాలు. ఏది పంపుతున్నారో గడి పైన రాయాలి. ఎకరానికి 40 గుంటలు. గుంటలను దశాంశంగా రాయొద్దు: 3 ఎకరాల 20 గుంటలను 3.20 అని వేస్తే కంప్యూటర్ కలిపేటప్పుడు 12 గుంటలు పోతాయి. సరైన అంకె 3.50.

ఎఫ్‌టీఎల్: మత్తడి దుంకడం మొదలయ్యే నీటి మట్టం. చెరువు "నిండింది" అని అప్పుడే రాయాలి. అంతకు ముందు 75–100 శాతం అనే వేయాలి. మత్తడి, అలుగు ఒకటే. నివేదికలో మత్తడి అనే రాస్తాం.

ఎఫ్‌ఆర్‌ఎల్: జలాశయం పూర్తి మట్టం, సముద్ర మట్టం నుంచి. నాగార్జునసాగర్‌కు 590 అడుగులు. చెరువు లోతును తూము గడప నుంచి కొలుస్తారు కాబట్టి రెండింటినీ ఒకే నిలువు వరుసలో వేయొద్దు.

శిఖం: ఎఫ్‌టీఎల్ లోపలి చెరువు భూమి. నీళ్లు దిగాక అక్కడ పండినది ఆయకట్టులోకి రాదు.

భూగర్భ నీటి లోతు: నేల నుంచి నీటి దాకా, మీటర్లలో. కేసింగ్ మూతి నుంచి కొలిస్తే నేల పైన ఉన్న కేసింగ్ ఎత్తు తీసేయాలి. "మట్టం పెరిగింది" అనే మాట నిషేధం. లోతు 8.2 నుంచి 10.4 మీటర్లకు పోతే అంకె పెరిగింది, నీరు దిగింది. "నీరు 2.2 మీ. దిగింది" అని రాయండి. పక్క బోరు నడుస్తుండగా తీసిన కొలత అయితే ఆ మాట తప్పకుండా రాయాలి.

సేఫ్ మండలం: భూగర్భ జలాల తోడకం 70 శాతం లోపు ఉన్నది. ఇది నీటి పరిమాణం మాటే, తాగొచ్చని కాదు. సేఫ్ మండలంలోనూ ఫ్లోరైడ్ నీళ్లు ఉండొచ్చు. వైద్యారోగ్య శాఖకు పోయే ప్రతిలో ఈ వివరణ అదే పేజీ అడుగున ఉండాలి. 70 దాటి 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, ఆపైన ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్.

ఫ్లోరైడ్ పరిమితి: ఐఎస్ 10500:2012 ప్రకారం లీటరుకు 1.0 మి.గ్రా. వేరే ఆధారం లేని చోట మాత్రమే 1.5. నమూనా బోరుదా, నల్లాదా అన్నది రాయకపోతే ఆ అంకెను తీసుకోం. ఊరి సగటు కూడా వద్దు; నమూనాలెన్నో, అత్యధికం ఎంతో ఇవ్వాలి. ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగిన నీటి ఫలితం, అందుకే నేటి నల్లా అంకెతో దాన్ని జత కలపరాదు.

వాన రోజు: ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ కురిసినది. సాధారణ వర్షపాతం అంటే సగటుకు 19 శాతం అటు ఇటు.

సంక్షిప్తాలు

టీఎంసీ: వంద కోట్ల ఘనపు అడుగులు, అంటే 1,000 ఎంసీఎఫ్‌టీ లేదా 28.32 ఎంసీఎం.
ఎంసీఎఫ్‌టీ: పది లక్షల ఘనపు అడుగులు.
ఎంసీఎం: పది లక్షల ఘనపు మీటర్లు. దీన్ని ఎంసీఎఫ్‌టీ అనుకుంటే లెక్క 35 రెట్లు తప్పుతుంది.
క్యూసెక్కు: సెకనుకు ఘనపు అడుగు, 28.3 లీటర్లు. ఇది ప్రవాహం, నిల్వ కాదు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే 1 టీఎంసీ.
టీడీఎస్: నీటిలో కరిగిన మొత్తం లవణాలు, లీటరుకు మి.గ్రా.

కింది మూడు పొట్టి రూపాలు ఈ నివేదికల్లో వాడొద్దు. హెచ్‌పీ: విద్యుత్ వాళ్లకు హార్స్ పవర్, భగీరథ వాళ్లకు చేతి పంపు. ఏఓ: వ్యవసాయాధికారి, కలెక్టరేట్‌లో పరిపాలనాధికారి. ఐడీ: ఒకరికి ఆరుతడి, ఇంకొకరికి గుర్తింపు సంఖ్య. వీటిని పూర్తిగా రాయాలి.

బోరు నీళ్లను "రెండించులు" అని రైతు చెప్తే అది పైపు నిండుగా వచ్చే ధారను చూసి చెప్పిన అంచనా. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి లీటర్లలో వేయాలి: 50 సెకన్లు పడితే సెకనుకు 4 లీటర్లు. డ్రమ్ము లేక కొలవలేకపోతే గడిలో "కొలవలేదు" అని రాయండి. సున్నా వేస్తే బోరు ఎండిందని అర్థం.